తలుపులు తెరిచి ఉంటాయని ఎంపీసీలో చేరాలా?

"సార్, నాకు పదో తరగతిలో లెక్కల్లో 91, సోషల్‌లో 90 వచ్చాయి. సైన్స్‌లో ఫిజికల్ సైన్స్ 50కి 29, బయాలజీ 50కి 43. నాన్న ఎంపీసీ తీసుకోమంటున్నారు. 'ఎంపీసీ చదివితే తర్వాత ఏదైనా చేసుకోవచ్చు, కామర్స్‌లోకి వెళ్తే వెనక్కి రాలేవు' అంటారు. మా పెద్దమ్మ కూతురు సీఏ చదువుతోంది, తను ఎంఈసీ మంచిదంటోంది. నాకేమో సోషల్ చదవడం ఇష్టం, కానీ ఆర్ట్స్ అంటే ఇంట్లో నవ్వుతారు. నా ఫ్రెండ్ బైపీసీలో చేరిపోయింది, నన్నూ రమ్మంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా తేల్చుకోవాలి?"
— ఒక విద్యార్థిని, ఆంధ్రప్రదేశ్

తల్లీ, ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కొన్నేళ్లు జూనియర్ కాలేజీలో, ఆ తర్వాత డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పినవాణ్ణి. నా మాటల్లో కామర్స్ వైపు కాస్త మొగ్గు ఉంటే ఉండొచ్చు. ఆ మేరకు తగ్గించుకుని చదువు.

మీ నాన్నగారి మాటలో సగానికి పైగా నిజం ఉంది. ఎంపీసీ చదివినవాళ్లు ఇంటర్ అయ్యాక బీకామ్‌లో చేరొచ్చు, బీఏలో చేరొచ్చు, సీఏ ఫౌండేషన్ రాయొచ్చు, లా ఎంట్రన్స్ రాయొచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్లు ఇంజినీరింగ్‌కి వెళ్లలేరు. అంటే ఈ దారి ఒకవైపే నడుస్తుంది. అందుకే ఊరంతా "ఏదీ తేలకపోతే ఎంపీసీలో వేసెయ్" అంటారు.

కానీ ఆ మాట చెప్పేవాళ్లు ఒక లెక్క వదిలేస్తారు. తలుపు తెరిచి ఉంచడానికి కూడా ఖర్చుంది. ఆ ఖర్చు రెండేళ్ల ఫిజిక్స్, రెండేళ్ల కెమిస్ట్రీ. అవి నీకు బాగా నడిస్తే ఆ ఖర్చు దండగ కాదు. నడవకపోతే, ఇంటర్ చివర్లో నీ చేతిలో తెరిచిన తలుపులు ఉంటాయి కానీ వాటిలోంచి వెళ్లడానికి కావాల్సిన మార్కులు ఉండవు. కాబట్టి "ఏ గ్రూపు గొప్పది" అన్నది పక్కన పెట్టు. నీ విషయంలో తేలాల్సింది ఒక్కటే: ఫిజికల్ సైన్స్‌లో ఆ 29 ఎందుకు వచ్చాయి?

లెక్కల్లో 91 వచ్చిన పిల్లకి ఫిజిక్స్ రాకపోవడం ఏమిటని మీ ఇంట్లో అనుకుంటూ ఉంటారు. ఏదో ఒక పరీక్ష చెడిపోయి ఉంటుందిలే అని సర్దుకుని ఉంటారు. అది కూడా కావొచ్చు. కానీ ఇలాంటి మార్కుల జంట నేను చాలామందిలో చూశాను, దానికి చాలాసార్లు ఒకటే కారణం ఉంటుంది. పదో తరగతి లెక్కల్లో ఎక్కువ ప్రశ్నలకు సమీకరణం పుస్తకమే ఇచ్చేస్తుంది, మనం సాధిస్తే చాలు. ఫిజిక్స్‌లో సమీకరణం ఎవరూ ఇవ్వరు. మాటల్లో ఒక సంగతి చెబుతారు, అందులోంచి సమీకరణాన్ని మనమే తియ్యాలి. మొదటి పని బాగా వచ్చినవాళ్లకి రెండో పని దానంతట అదే రాదు. ఇంటర్ ఫిజిక్స్ అంతా రెండో పనే.

చెప్పడం కంటే చూపించడం తేలిక. కాగితం తీసుకో. 15 మీటర్ల ఎత్తున్న మేడ మీద నిలబడి ఒక బంతిని నిటారుగా పైకి, సెకనుకి 10 మీటర్ల వేగంతో విసిరావు. అది పైకి వెళ్లి, తిరిగొచ్చి, మేడ పక్క నుంచి జారి నేల మీద పడింది. విసిరినప్పటి నుంచి నేలను తాకేదాకా ఎంతసేపు పట్టింది? g విలువ 10 అనుకో. కింద చదవకముందు ఓ ఇరవై నిమిషాలు నువ్వే కుస్తీ పట్టు.

దీనికి కావాల్సినవన్నీ నీ దగ్గర ఉన్నాయి. చలన సమీకరణాలు తొమ్మిదిలో చదివావు. వర్గ సమీకరణాలు పదిలో చదివావు. s = ut + ½at² అన్న సూత్రంలో విలువలు వెయ్యాలి, అంతే. చిక్కంతా ఆ వెయ్యడంలోనే ఉంది. చాలామంది s దగ్గర 15 వేస్తారు, u దగ్గర 10, a దగ్గర −10 వేస్తారు. అప్పుడు t² − 2t + 3 = 0 వస్తుంది. దానికి విచక్షణి −8. అంటే వాస్తవ మూలాలు లేవు. "లెక్క తప్పు ఇచ్చారు" అని పుస్తకం మూసేసేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

నిజానికి ఆ సమీకరణం చాలా తెలివైన జవాబే చెప్పింది. s దగ్గర +15 వేశావంటే బంతి మేడ కంటే 15 మీటర్లు పైకి ఎప్పుడు చేరుతుందని అడిగావన్న మాట. ఆ వేగంతో అది 5 మీటర్ల కంటే పైకి పోదు. అందుకే "ఎప్పటికీ చేరదు" అని చెప్పింది. పైదిశ ధనాత్మకం అనుకుంటే నేల మేడకి కింద ఉంది కాబట్టి s = −15 కావాలి. అప్పుడు t² − 2t − 3 = 0, దానికి మూలాలు 3, −1. కాలం రుణాత్మకం కాదు కాబట్టి జవాబు 3 సెకన్లు. సరిచూసుకో: ఒక సెకను పైకి వెళ్లి 5 మీటర్లు ఎక్కింది, అక్కడి నుంచి 20 మీటర్లు పడటానికి 2 సెకన్లు. సరిపోయింది.

ఇప్పుడు నీ కాగితం చూసుకో. జవాబు వచ్చిందా లేదా అన్నది నాకు అంత ముఖ్యం కాదు. గుర్తు తప్పు వేసి, మూలాలు రాకపోయేసరికి "ఎందుకు రాలేదు?" అని బంతి బొమ్మ గీసుకున్నావా? అలా అయితే నీ 29 సంగతి వేరు. అది చెప్పిన తీరు వల్లో, సాధన లేకపోవడం వల్లో వచ్చి ఉంటుంది, బాగుపడుతుంది. లేక సూత్రం మార్చి మార్చి ప్రయత్నించి, ఎక్కడైనా జవాబు దొరుకుతుందేమోనని వెతికావా? ఒక్క లెక్కతో తీర్పు చెప్పకూడదు కానీ అనుమానించాల్సింది ఇక్కడే.

ఒక్క లెక్కతో చెప్పకూడదు కాబట్టే నేను పిల్లలకి రెండు వారాల పని చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకాలు ఎవరినైనా అడిగి తెచ్చుకో. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, కాబట్టి పాత సీనియర్ల పుస్తకాలు కాకుండా ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకాలు చూడు, నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఫిజిక్స్‌లో సరళరేఖలో చలనం పాఠం. లెక్కల్లో ప్రమేయాలు. అకౌంటెన్సీలో లావాదేవీల నమోదు. పాలిటీలోనో ఎకనామిక్స్‌లోనో నీకు నచ్చిన ఒక పాఠం. ఒక్కోదానికి మూడు రోజులు, రోజుకి రెండు గంటలు. వీడియోలు చూడకు. వీడియో చూస్తే ఎవరికైనా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఆలోచించేది చెప్పేవాడు. పుస్తకం చదువు, ఉదాహరణ మూసేసి నువ్వే చెయ్యి, మర్నాడు పొద్దున అదే లెక్క తెల్లకాగితం మీద మళ్లీ చెయ్యి.

ఒక నోటు పుస్తకంలో రోజూ మూడే సంగతులు రాసుకో. ఎంతసేపు కూర్చున్నావు. ఎక్కడ ఇరుక్కున్నావు. ఇరుక్కున్నాక ఎంతసేపు లేవకుండా ఉన్నావు. ఈ మూడోదే నేను చూసేది. మార్కులు నిన్నటి సంగతి చెబుతాయి. ఇరుక్కున్నప్పుడు కుర్చీలో ఎంతసేపు ఉండగలిగావన్నది రాబోయే రెండేళ్ల సంగతి చెబుతుంది. ఏ సబ్జెక్టు దగ్గర ఐదు నిమిషాలకే ఫోన్ తీశావో, ఏ సబ్జెక్టు దగ్గర అన్నానికి పిలిచినా "ఒక్క నిమిషం" అన్నావో ఆ పుస్తకం దాచదు.

ఇక కామర్స్. దీని గురించి పదో తరగతి పిల్లలకి ఏమీ తెలియదు, అది వాళ్ల తప్పు కాదు. అప్పటిదాకా ఒక్క పాఠమైనా అకౌంట్స్ చదివి ఉండరు. సైన్స్, సోషల్ అయితే రుచి చూశారు, దీన్ని చూడలేదు. ఎవరో "సులువు" అన్నారని చేరతారు, లేదా "లెక్కలు రానివాళ్లకి" అన్నారని మానేస్తారు. రెండూ తప్పే. ఇదిగో, ఇది చెయ్యి.

ఒకావిడ 50,000 రూపాయల సొంత డబ్బుతో పుస్తకాల షాపు పెట్టింది. 20,000 పెట్టి నగదుకి సరుకు కొంది. అందులో 8,000 రూపాయల సరుకుని 11,000కి ఒక స్కూలుకి అరువు మీద అమ్మింది. 3,000 అద్దె కట్టింది. నెలాఖరున గల్లా చూస్తే 27,000 ఉన్నాయి. ఆవిడ ఇంటికొచ్చి "23,000 పోయాయి, షాపు మూసేద్దాం" అంది. ఆవిడకి నష్టం వచ్చిందా?

రాలేదు. లాభమూ రాలేదు. 11,000 అమ్మకంలోంచి సరుకు ఖరీదు 8,000, అద్దె 3,000 తీసేస్తే సున్నా. మరి 23,000 ఎక్కడికి పోయాయి? మూడు వేలు అద్దెకి పోయాయి. 20,000 సరుకుగా మారాయి. ఆ సరుకులో 12,000 ఇంకా అల్మారాలో ఉంది. మిగతా 8,000 సరుకు స్కూలు ఇవ్వాల్సిన 11,000 బాకీగా మారింది. గల్లాలో 27,000, అల్మారాలో 12,000, రావాల్సింది 11,000. కలిపితే మళ్లీ 50,000. అద్దెకి పోయిన 3,000ని సరుకు మీద వచ్చిన 3,000 పూడ్చింది, మిగతా డబ్బు ఎటూ పోలేదు, రూపం మార్చుకుంది.

అకౌంట్స్ అంటే ఇదే. డెబిట్, క్రెడిట్ అన్న మాటలు, లావాదేవీల్ని వరసగా రాసే చిట్టా, వాటిని ఖాతాలుగా విడదీసే ఆవర్జా, ఖాతాల మొత్తాలు సరిచూసే అంకణా అన్నీ ఈ రూపం మార్పుల్ని తప్పు రాకుండా రాసుకునే పద్ధతులు. ఇందులో కూడికలు, తీసివేతలు, శాతాలు మించి లెక్కలు పెద్దగా లేవు, కానీ ఓపిక మాత్రం కావాలి. అంకణా రెండు వైపులా కలవకపోతే, 90 రూపాయల తేడా కోసం రెండు పేజీలు వెనక్కి వెళ్లి, 540 ని 450 అని రాసిన చోటు పట్టుకోవాలి. ఆ వెతుకులాటలో కొందరికి పత్తేదారు పని చేసినంత సరదా ఉంటుంది. కొందరికి తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. నువ్వు ఏ రకమో మూడు రోజుల్లో తెలిసిపోతుంది. పై షాపు కథ చదువుతుంటే "మరి ఆ స్కూలు డబ్బు ఇవ్వకపోతే?" అని నీకు అనిపించి ఉంటే, అది మంచి గుర్తు. ఆ ప్రశ్నకి కామర్స్‌లో ఒక పాఠమే ఉంది.

మీ అక్క ఎంఈసీ అన్నదంటే ఊరికే అనలేదు. ఎంఈసీలో లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ ఉంటాయి. సీఈసీలో లెక్కల బదులు సివిక్స్. లెక్కల్లో 91 ఉన్న పిల్ల లెక్కలు వదిలెయ్యడం మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే, ఇంటర్‌లో లెక్కలు ఉన్నవాళ్లకే దొరికే చదువులు సైన్స్ బయట కూడా ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కి పన్నెండులో లెక్కలు ఉండాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీస్టాట్‌కి కూడా లెక్కలు కావాలి, ఫిజిక్స్ అడగరు. సీఏ ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లుంటే ఒకటి పూర్తిగా లెక్కలు, లాజిక్, స్టాటిస్టిక్స్. కాబట్టి మీ నాన్నగారి తలుపుల లెక్కలో ఎంఈసీ సగం దారిలో ఉంటుంది. ఇంజినీరింగ్ తలుపు మూసుకుంటుంది, ఫిజిక్స్ లేదు కాబట్టి. మిగతావి చాలావరకు తెరిచే ఉంటాయి.

సీఏ గురించి కూడా నిజం చెప్పాలి. మీ అక్కని చూసి అది ఖాయమైన దారి అనుకోకు. ఫౌండేషన్‌లో ప్రతి పేపర్లో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి, రెండు పేపర్లలో తప్పు జవాబుకి మార్కు కోత కూడా ఉంది. తర్వాత సీఏ ఇంటర్మీడియట్, ఆర్టికల్‌షిప్ అనే రెండేళ్ల శిక్షణ, ఆపైన ఫైనల్. మధ్యలో తప్పడం అక్కడ చాలా మామూలు విషయం. "ఎంఈసీ ప్లస్ సీఏ గ్యారంటీ" అని ఇంటికొచ్చి చెప్పే కాలేజీ పీఆర్వోలని చూసినప్పుడు, పోయిన ఏడాది వాళ్ల దగ్గర ఎంతమంది చేరారు, ఎంతమంది ఫౌండేషన్ మొదటిసారికే పాసయ్యారు అని రెండు సంఖ్యలు అడుగు. రెండో సంఖ్య ఒక్కటే చెబితే, మొదటిది కూడా చెప్పేదాకా వదలకు.

నీ ఫ్రెండ్ బైపీసీ సంగతి తొందరగా తేల్చేస్తాను. బయాలజీ 43 బాగానే ఉంది. కానీ ఫిజిక్స్‌కి భయపడి బైపీసీకి వెళ్లినవాళ్లకి అక్కడ మళ్లీ ఫిజిక్సే ఎదురొస్తుంది. ఇంటర్‌లో ఎంపీసీ వాళ్లకీ బైపీసీ వాళ్లకీ ఫిజిక్స్ ఒకటే. నీట్‌లో 720 మార్కులకి 180 ఫిజిక్స్‌వి. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షలకు పైనే, అందులో ర్యాంకు తేలేది చాలావరకు ఫిజిక్స్ దగ్గరే. ఇంకో సంగతి, బైపీసీ తీసుకుంటే నీకు బాగా వచ్చే లెక్కలే పోతాయి. రెండూ ఉంచుకోవాలనుకునేవాళ్ల కోసం మన రాష్ట్రంలో 2025-26 నుంచి ఎంబైపీసీ అని ఒక గ్రూపు పెట్టారు. అది నీలాంటి మార్కులవాళ్లకి కాదు. సైన్స్ అంతా తన్నుకొచ్చే పిల్లలకి కూడా అది బరువే. ఫ్రెండ్ ఉందని గ్రూపు మార్చినవాళ్లని చాలామందిని చూశాను. సెక్షన్లు విడిపోయేసరికి ఫ్రెండ్ పక్కన ఉండదు, బయాలజీ రికార్డు మాత్రం ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో నవ్వే సంగతికి వద్దాం. నువ్వు ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు కానీ నాకు అదే పట్టుకుంది. "సోషల్ చదవడం ఇష్టం" అన్నావు. ఏది ఇష్టమో చెప్పలేదు. కథలా చదువుకోవడం ఇష్టమా, లేక వాదించడం ఇష్టమా? ఇంటర్ హెచ్‌ఈసీలో, ఆపైన బీఏలో, లాలో పనికొచ్చేది రెండోది. దానికీ ఒక పరీక్ష ఉంది. ప్రధానమంత్రిని రాష్ట్రపతి నియమిస్తారని మన రాజ్యాంగం 75వ అధికరణలో రాసి ఉంది. అయితే రాష్ట్రపతి తనకి నచ్చినవాళ్లని ప్రధానిగా పెట్టొచ్చా? పుస్తకం చూడకుండా ఒక పేజీ రాయి. "నియమిస్తారని రాసి ఉంది కాబట్టి పెట్టొచ్చు" అని రెండు వాక్యాల్లో ముగించావో, లేక "మంత్రిమండలి లోక్‌సభకి బాధ్యత వహించాలి అని కూడా అదే అధికరణ అంటోంది కదా, మెజారిటీ లేనివాళ్లని పెడితే వాళ్లు నిలబడలేరు, మరి ఎవరికీ మెజారిటీ రాకపోతే?" అని పేజీ తిప్పావో చూసుకో. పేజీ తిప్పిన పిల్లకి ఆర్ట్స్ అంటే నవ్వులాట కాదు.

సోషల్‌లో 90 మాత్రం చూసి మురిసిపోవద్దు. అందులో బిట్లు, మ్యాపు, గుర్తుపెట్టుకుని రాసిన జవాబులు ఎన్నో నీకే తెలుసు. మీ ఇంటివాళ్లకి చెప్పడానికి ఒకటి: సివిల్స్‌కి, గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. ఐదేళ్ల లా కోర్సుకి ఏ గ్రూపు చదివినవాళ్లయినా క్లాట్ రాయొచ్చు, అందులో వచ్చేది ఎక్కువగా చదివి అర్థం చేసుకుని వాదించే ప్రశ్నలే. అయితే వీటికి ఆర్ట్స్ గ్రూపే కావాలనీ లేదు. ఎంఈసీ నుంచి కూడా వెళ్లొచ్చు, ఎంపీసీ నుంచి కూడా. కాబట్టి ఆర్ట్స్ ఇష్టాన్ని కాపాడుకోవడానికి ఇప్పుడే హెచ్‌ఈసీలో చేరక్కర్లేదు. అది డిగ్రీ దాకా ఆగగలదు. లెక్కలు అలా ఆగలేవు. రెండేళ్లు వదిలేస్తే మళ్లీ పట్టుకోవడం కష్టం.

నా దగ్గర బీకామ్ చదివిన ఒకబ్బాయి గుర్తొస్తున్నాడు. నీలాంటి మార్కులే. వాళ్లింట్లోనూ తలుపుల మాటే చెప్పి ఎంపీసీలో వేశారు. మొదటి ఏడాది ఫిజిక్స్ తప్పాడు, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఆ ఫిజిక్స్ కోసం లెక్కల టైమంతా పోయింది, అందుకని లెక్కల మార్కులూ పడిపోయాయి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో లెక్కలవి 80, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. లెక్కలు బాగా వచ్చిన పిల్లకి కూడా సగం పేపరు బలహీనమైతే ర్యాంకు ఎలా వస్తుందో అర్థమవుతుంది కదా. చివరికి బీకామ్‌కి వచ్చాడు.

ఇక్కడ నేను కామర్స్ మాస్టారినైనా ఒక నిజం ఒప్పుకోవాలి. బీకామ్ మొదటి సెమిస్టర్‌లో అకౌంట్స్ మొదటి నుంచే మొదలవుతాయి, కాబట్టి ఎంపీసీ నుంచి వచ్చినంత మాత్రాన చదువులో వాడేమీ వెనకబడలేదు. రెండు నెలల్లో అందుకున్నాడు. పోయింది వేరే. "నాకు చదువు రాదు" అన్న మాట రెండేళ్లపాటు విని విని, లెక్కల్లో 90 తెచ్చుకున్న కుర్రాడు క్లాసులో చెయ్యెత్తడం మానేశాడు. దాన్ని పోగొట్టడానికి ఏడాదిన్నర పట్టింది. తలుపులు తెరిచి ఉంచిన ఖర్చు అంటే నేను చెప్పింది ఇదే. ఫీజు రసీదులో అది కనపడదు.

ఇంకొకమ్మాయి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఫిజికల్ సైన్స్‌లో నీ కంటే తక్కువ మార్కులే. కానీ ఇరుక్కున్న లెక్క వదలదు. రాత్రి రాకపోతే పొద్దున్నే మా ఇంటి గేటు దగ్గర ఉండేది, నేను కామర్స్ వాణ్ణి అని తెలిసి కూడా. ఆ అమ్మాయికి ఎంపీసీ తీసుకోమనే చెప్పాను, తీసుకుంది, ఇబ్బంది పడలేదు. అందుకే నీకు మార్కులు చూసి గ్రూపు చెప్పకుండా నోటు పుస్తకం రాయమంటున్నాను.

అయినా నా అభిప్రాయం అడిగావు కాబట్టి దాచను. ఈ ఉత్తరంలో ఉన్నంతవరకు చూస్తే నేను ఎంఈసీ వైపు ఉన్నాను. రెండు వారాల తర్వాత నోటు పుస్తకంలో ఫిజిక్స్ దగ్గర అరగంట, ముప్పావుగంట కదలకుండా కూర్చున్న రోజులు కనిపిస్తే, అకౌంట్స్ దగ్గర ఆవలింతలు కనిపిస్తే, నా మాట వదిలేసి ఎంపీసీలో చేరు. రెండూ సమానంగా ఉంటే మాత్రం ఎంఈసీయే. సమానంగా ఉన్నప్పుడు అరువు తెచ్చుకున్న భయం కంటే ఉన్న బలం చూసుకోవాలి, నీ బలం లెక్కలు, రాత.

నాన్నగారితో వాదన పెట్టుకోకు. "ఎంపీసీ ఎందుకు నాన్నా?" అని అడిగితే చివరికి "నీకో ఉద్యోగం ఉండాలి" అన్న దగ్గరే ఆయన ఆగుతారు. దాని మీద మీ ఇద్దరికీ గొడవ లేదు. ఆయన ముందు కూర్చుని ఆ బంతి లెక్క, ఆ షాపు లెక్క చేసి చూపించు. రెండు వారాల పుస్తకం ఆయన చేతిలో పెట్టు. పిల్ల "నాకిష్టం లేదు" అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. పిల్ల పన్నెండు రోజులు కూర్చుని రాసిన లెక్క చూపిస్తే కనీసం కళ్లజోడు పెట్టుకుని చూస్తారు. వీలైతే అక్కని కూడా ఆ రోజు రమ్మను, తన సీఏలో ఏ పరీక్ష ఎన్నిసార్లు రాసిందో కూడా దాచకుండా చెప్పమను.

చివరగా కాలేజీ సంగతి, ఇది ముందే కనుక్కో. చిన్న ఊళ్లలో చాలా కాలేజీల్లో ఎంఈసీ బోర్డు మీద ఉంటుంది, క్లాసు ఉండదు. నలుగురే చేరారని లెక్కల క్లాసుకి ఎంపీసీ వాళ్లతో కూర్చోబెడతారు. అది ఫర్వాలేదు. కామర్స్‌కి, ఎకనామిక్స్‌కి వేరు వేరు లెక్చరర్లు ఉన్నారా, ఒక్కరే రెండూ చెబుతున్నారా అని ఆఫీసులో కాకుండా సెకండియర్ పిల్లల్ని అడుగు. ఎంఈసీ ఎక్కడా సరిగా లేదు, సీఈసీ మాత్రమే ఉంది అంటే నా సలహా మారుతుంది. అప్పుడు లెక్కలు వదులుకోవడం కంటే ఊరు మారడమో, హాస్టలో ఆలోచించండి. చేరాక పొరపాటు అనిపిస్తే గ్రూపు మార్చుకునే వీలు మొదటి కొద్ది వారాలే ఉంటుంది, అడ్మిషన్లు మూసేశాక మారాలంటే ఏడాది పోతుంది. అందుకే ఏ తేదీ దాకా మార్చుకోవచ్చో చేరిన రోజునే అడిగి, ఆ తేదీకి వారం ముందు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకో.